సోడియం 114, పొటాషియం 2.6: మూత్రం బాగా వస్తుంటే డాక్టర్‌కి ఎందుకు చెప్పాలి?

అనూష_నార్‌సెట్

అందరికీ నమస్కారం. నిన్న రాసిన మాక్ టెస్ట్‌లో ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. గుర్తున్నంతవరకు అలాగే రాస్తున్నాను.

68 ఏళ్ల మహిళ, బరువు 50 కిలోలు. బీపీకి హైడ్రోక్లోరోథయజైడ్ వాడుతున్నారు. నాలుగు రోజులుగా విరేచనాలు, వాంతులు. ఇంట్లోవాళ్లు మంచినీళ్లు, కొబ్బరినీళ్లు బాగా తాగించారు. ఉదయం 8 గంటలకు అడ్మిట్ చేశారు. మగతగా ఉన్నారు, పిలిస్తే పలుకుతున్నారు కానీ ఎక్కడ ఉన్నారో చెప్పలేకపోతున్నారు. కాళ్లలో సత్తువ లేదు, పొట్ట ఉబ్బింది, పేగుల శబ్దాలు తగ్గాయి. సోడియం 114, పొటాషియం 2.6. ఈసీజీలో టి వేవ్ చదునుగా ఉంది, యు వేవ్ కనిపిస్తోంది. ఒక లీటరు నార్మల్ సెలైన్‌లో 40 మిల్లీఈక్వివలెంట్ల పొటాషియం క్లోరైడ్ కలిపి నాలుగు గంటల్లో ఎక్కించమని ఆర్డర్. మధ్యాహ్నం 12 గంటలకు నర్సు వెంటనే డాక్టర్‌కి చెప్పాల్సింది ఏది?

ఎ) పల్స్ 96
బి) కాన్యులా దగ్గర మంటగా ఉందని పేషెంట్ అనడం
సి) నాలుగు గంటల్లో 900 మిల్లీలీటర్ల మూత్రం, రంగు లేకుండా నీళ్లలా ఉండటం
డి) దాహంగా ఉందని అనడం

నేను బి పెట్టాను. కీలో సి ఇచ్చారు. డీహైడ్రేషన్‌తో వచ్చిన మనిషికి మూత్రం రావడం మంచిదే కదా? అది ఫోన్ చేసి చెప్పాల్సిన విషయం ఎలా అవుతుంది?

కిరణ్_జీఎన్‌ఎం

కీ తప్పు అనుకుంటున్నాను. పొటాషియం ఎక్కించే ముందు మూత్రం వస్తోందో లేదో చూడాలని ఫస్ట్ ఇయర్ నుంచీ చెబుతూనే ఉన్నారు. గంటకు 30 మిల్లీలీటర్ల కంటే తక్కువ వస్తే అప్పుడు చెప్పాలి. ఇక్కడ గంటకు 225 వస్తోంది, అంటే కిడ్నీలు పని చేస్తున్నాయి, పొటాషియం పేరుకుపోయే భయం లేదు. నేనైతే బి కే ఓటేస్తాను. అకాడమీకి మెయిల్ పెట్టండి, ఇలాంటివి వాళ్లు దిద్దుతారు.

సునీల్_వరంగల్

కాళ్లలో బలహీనత ఉంది, పైగా 40 మిల్లీఈక్వివలెంట్లు ఎక్కించారు కాబట్టి ఇది హైపర్‌కలీమియా వైపు వెళ్తోంది. వెంటనే డ్రిప్ ఆపి కాల్షియం గ్లూకోనేట్ ఇవ్వాలి. ఆప్షన్లలో ఆ మాట ఎందుకు లేదో అర్థం కాలేదు.

విజయ_ఐసీయూ

సునీల్ గారూ, ప్రశ్న ఇంకోసారి చదవండి. బలహీనత అడ్మిట్ అయినప్పటి నుంచే ఉంది, అప్పటికి పొటాషియం 2.6. కండరాల బలహీనత పొటాషియం తగ్గినా వస్తుంది, పెరిగినా వస్తుంది. అందుకే ఒక్క ఆ లక్షణం పట్టుకుని ఎటువైపో చెప్పలేం. తేడా తెలిపేది ఈసీజీ, పొట్ట. పొటాషియం పెరిగితే టి వేవ్ సన్నగా, మొనదేలి పైకి లేస్తుంది, ఇంకా పెరిగితే క్యూఆర్‌ఎస్ వెడల్పవుతుంది. తగ్గితే టి చదునై దాని వెనక యు కనిపిస్తుంది, పేగులు కదలక పొట్ట ఉబ్బుతుంది. ఈమెది రెండో రకం. ఇంకో మాట, కాల్షియం గ్లూకోనేట్ గుండెకు రక్షణ ఇస్తుందే తప్ప పొటాషియంని దించదు.

అనూషా, ప్రశ్న చాలా బాగుంది. కీ కూడా సరైనదే. డ్యూటీకి వెళ్తున్నాను, రాత్రికి వివరంగా రాస్తాను. ఈలోపు ఒకటి ఆలోచించి పెట్టు. ఆ 900 మిల్లీలీటర్లలో ఏం బయటికి పోయింది?

అనూష_నార్‌సెట్

రంగు లేకుండా ఉందంటే ఎక్కువగా నీళ్లే పోయాయని అనుకుంటున్నాను అక్కా. నీళ్లు పోతే సోడియం పెరుగుతుంది. కానీ మనకి కావలసింది అదే కదా?

పద్మజ

నేను నర్సును కాదు, వెతుకుతుంటే ఈ చర్చ కనిపించింది. మా అత్తగారికి కూడా బీపీకి నీటి మాత్ర అంటారే, అదే ఇస్తున్నారు. పోయిన ఎండాకాలం విరేచనాలై తికమకగా మాట్లాడితే ఆసుపత్రికి తీసుకెళ్లాం. సోడియం 119 అన్నారు. బీపీ అని ఆవిడ ఉప్పు పూర్తిగా మానేశారు. ఇప్పుడు మళ్లీ ఎండలు వస్తున్నాయి. ఉప్పు ఎక్కువ పెట్టమంటారా? కొబ్బరినీళ్లు ఇస్తే సరిపోతుందా?

మేరీ_ట్యూటర్

పద్మజ గారూ, కొబ్బరినీళ్లలో పొటాషియం బాగానే ఉంటుంది కానీ సోడియం తక్కువ. విరేచనాల్లో పోయేది రెండూ. అందుకే కొబ్బరినీళ్లు, మంచినీళ్లు మాత్రమే తాగిస్తే సోడియం ఇంకా పలచబడుతుంది. విరేచనాలు మొదలైన రోజు నుంచే ఓఆర్‌ఎస్ ఇవ్వండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములాలో లీటరుకు సోడియం 75, పొటాషియం 20, గ్లూకోజ్ 75 ఉంటాయి. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లు రాశారో అన్నింటిలోనే కలపాలి. మామూలు రోజుల్లో ఉప్పు పెంచాలా, ఆ మాత్ర మార్చాలా అన్నది ఆవిడని చూస్తున్న డాక్టరే చెప్పాలి. ఒకసారి 119కి పడిపోయారన్న సంగతి మాత్రం ఆయనకి తప్పకుండా గుర్తు చేయండి. థయజైడ్‌తో ఒకసారి సోడియం పడిపోయినవాళ్లకి మళ్లీ పడిపోయే అవకాశం ఎక్కువ.

ఇక ప్రశ్న సంగతి. నేను క్లాసులో చెప్పేదేమంటే, "వెంటనే చెప్పాల్సింది ఏది" అని అడిగినప్పుడు, నర్సు తన చేతులతో తానే సరిదిద్దగలిగేదాన్ని పక్కన పెట్టండి. కాన్యులా దగ్గర మంట అంటే డ్రిప్ వేగం తగ్గించడం లేదా ఆపడం, చోటు చూడటం, వాపు, ఎరుపు ఉంటే కాన్యులా తీసి ఇంకోచోట పెట్టడం. ఇవన్నీ నర్సు చేసేవే. పొటాషియం చిన్న నరంలో వెళ్తే బయటికి కారకపోయినా మంట పుడుతుంది.

కిరణ్_జీఎన్‌ఎం

మేడమ్, ఒప్పుకుంటాను, కానీ వాపు ఉంటే? పొటాషియం చర్మం కిందికి కారితే కండ దెబ్బతింటుంది కదా. అప్పుడు కూడా సి నేనా?

మేరీ_ట్యూటర్

వాపు ఉందని ప్రశ్నలో రాసి ఉంటే నేను బి అనేదాన్ని. ఇక్కడ మంట అని మాత్రమే ఉంది.

విజయ_ఐసీయూ

ఇప్పుడే వచ్చాను. ఈ ప్రశ్న తయారుచేసినవారు వార్డులో పనిచేసినవారే అనిపిస్తోంది. వివరంగా చెబుతాను.

ముందు ఈమెకి సోడియం ఎందుకు పడిందో చూద్దాం. విరేచనాలు, వాంతులతో ఒంట్లో నీరు, ఉప్పు రెండూ పోయాయి. రక్తనాళాల్లో పరిమాణం తగ్గగానే మెదడు ఏడీహెచ్‌ని వదులుతుంది. అది కిడ్నీకి చెప్పేది ఒక్కటే, నీటిని వదలొద్దని. పైనుంచి థయజైడ్ ఉంది, దానివల్ల కిడ్నీ పలచని మూత్రం తయారుచేయలేదు. ఈ పరిస్థితిలో తాగిన మంచినీళ్లన్నీ లోపలే ఉండిపోయాయి. నాలుగు రోజుల్లో సోడియం 114కి వచ్చింది.

నాలుగు రోజులు అన్న మాట దగ్గర ఆగండి. సోడియం తగ్గితే నీరు మెదడు కణాల్లోకి వెళ్లి అవి ఉబ్బుతాయి, మగత, తికమక అందువల్లే. కానీ మెదడు కొన్ని గంటల్లోనే సర్దుకోవడం మొదలుపెట్టి, రెండు రోజులు దాటేసరికి దాదాపుగా సర్దుకుంటుంది. తన కణాల్లోని లవణాలను, కొన్ని చిన్న అణువులను బయటికి పంపి వాపు తగ్గించుకుంటుంది. అందుకే 114 ఉన్నా ఈమెకి ఫిట్స్ రాలేదు, పిలిస్తే పలుకుతున్నారు. అలా సర్దుకున్న మెదడుకి బయట సోడియం ఒక్కసారిగా పెరిగితే నీరు కణాల నుంచి బయటికి లాగేసినట్లవుతుంది. బయటికి పంపినవాటిని మళ్లీ పోగు చేసుకోవడానికి దానికి రోజులు పడుతుంది. ఈలోపు నరాల మీది మైలిన్ పొర దెబ్బతింటుంది.

అందుకే అనూష అడిగినదానికి జవాబు ఇది. సోడియం పెరగడం కావాలి, కానీ ఎంత పెరగాలో ఒక హద్దు ఉంది. ఈమెలాంటివాళ్లకి 24 గంటల్లో 8కి మించకూడదు. పొటాషియం కూడా తక్కువగా ఉండటం, తిండి లేకపోవడం, మద్యం అలవాటు, లివర్ జబ్బు, వీటిలో ఏది ఉన్నా మెదడుకి ముప్పు ఎక్కువ. ఈమెకి మొదటి రెండూ ఉన్నాయి. అంటే రేపు ఉదయం 8 గంటల వరకు 122 దాటకూడదు.

ఇప్పుడు చాలామంది వదిలేసే సంగతి. మనం ఎక్కించే పొటాషియం కూడా సోడియంని పెంచుతుంది. పొటాషియం కణాల్లోకి వెళ్తుంటే లోపలున్న సోడియం బయటికి వస్తుంది. లెక్క వేసి చూడండి. 50 కిలోల వయసు మళ్లిన మహిళ ఒంట్లో నీరు సుమారు 22.5 లీటర్లు, ఎక్కించే లీటరు కలిపితే 23.5. నార్మల్ సెలైన్‌లో సోడియం 154.

```
(154 − 114) ÷ 23.5 = 1.7
(154 + 40 − 114) ÷ 23.5 = 3.4
```

మొదటిది ఉత్త సెలైన్, రెండోది పొటాషియం కలిపిన సెలైన్. అదే లీటరు, కానీ సోడియం పెరుగుదల రెట్టింపు. నోటి ద్వారా ఇచ్చే పొటాషియం సిరప్‌కీ ఇదే లెక్క వర్తిస్తుంది.

దీని ప్రకారం మధ్యాహ్నానికి సోడియం 117.4 ఉండాలి. కానీ మూత్రం సంగతి ఈ లెక్కలో లేదు. సెలైన్ వెళ్లి రక్తనాళాలు నిండగానే ఏడీహెచ్ ఆగిపోయింది. ఇన్నాళ్లూ పట్టి ఉంచిన నీటిని కిడ్నీ ఒక్కసారిగా వదిలేస్తోంది. రంగులేని ఆ 900 మిల్లీలీటర్లలో లవణాలు చాలా తక్కువ. దాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే సోడియం అప్పటికే 120 దాటి ఉంటుంది. రోజు మొత్తానికి ఉన్న 8లో ఆరుకి పైగా నాలుగు గంటల్లోనే అయిపోయింది. ఇంకో రెండు గంటలు అలాగే పోతే హద్దు దాటుతుంది. సి ఎందుకంటే ఇందుకు.

కిరణ్_జీఎన్‌ఎం

మూత్రం ఎక్కువ రావడం కూడా ప్రమాదమని నాకు ఎవరూ చెప్పలేదు మేడమ్. ఎంత దాటితే చెప్పాలి?

విజయ_ఐసీయూ

మా దగ్గర సోడియం 120 కంటే తక్కువతో వచ్చినవాళ్లకి గంటకు 100 దాటితే చెప్పమని ఆర్డర్ రాస్తారు. మీ దగ్గర ఆర్డర్ లేకపోతే అడిగి రాయించుకోండి. నాలుగు గంటలు ఆగి మొత్తం కలిపి చూడకుండా ఇన్‌టేక్ అవుట్‌పుట్ చార్ట్ గంటగంటకీ నింపాలి. ఈ పేషెంట్‌కి పది గంటలకే తెలిసి ఉండేది.

అనూష_నార్‌సెట్

ఫోన్ చేసి ఏం చెప్పాలి అక్కా? డాక్టర్ ఏం చేస్తారు?

విజయ_ఐసీయూ

మూడు విషయాలు చాలు. వచ్చినప్పుడు సోడియం ఎంత, ఇప్పటివరకు సెలైన్, పొటాషియం ఎంత వెళ్లాయి, గంటకు మూత్రం ఎంత వస్తోంది. ఫోన్ పెట్టేలోపే సోడియం, పొటాషియం మళ్లీ పంపమంటారా అని మీరే అడగండి. కాన్యులా పెట్టిన చేతి నుంచి రక్తం తీయకండి, డ్రిప్ కలిసి రిపోర్ట్ తప్పుగా వస్తుంది.

సాధారణంగా సెలైన్ ఆపుతారు. పోతున్న నీటికి బదులుగా 5 శాతం డెక్స్‌ట్రోజ్ ఇస్తారు. అవసరమైతే డెస్మోప్రెసిన్ ఇచ్చి కిడ్నీ నీటిని వదలడం ఆపుతారు. సోడియం తక్కువగా ఉన్న మనిషికి డెక్స్‌ట్రోజ్ ఎందుకు పెడుతున్నారని కొత్తగా చేరినవాళ్లు కంగారుపడతారు. కారణం ఇదే.

కిరణ్_జీఎన్‌ఎం

ఇంకో డౌట్. 114 ఉండి తికమకగా ఉంటే మొదటే 3 శాతం సెలైన్ ఇవ్వాలి కదా? గైడ్‌లో అలాగే ఉంది.

మేరీ_ట్యూటర్

ఫిట్స్ వస్తుంటే, లేదా పిలిచినా పలకకపోతే తప్పకుండా ఇస్తారు. 100 మిల్లీలీటర్లు పది నిమిషాల్లో, అవసరమైతే మళ్లీ. 4 నుంచి 6 పెరిగితే చాలు, మెదడు వాపు నుంచి మనిషి బయటపడతారు. పరీక్షలో ఫిట్స్ అన్న మాట కనిపిస్తే 3 శాతం సెలైన్ వైపు వెళ్లండి.

విజయ_ఐసీయూ

ఈ కేసులో మాత్రం నేను వెనకాడతాను. పిలిస్తే పలుకుతున్నారు, పొటాషియం ఎలాగూ ఎక్కించాలి, దానితోనే సోడియం పెరుగుతుంది. పైగా ఏడీహెచ్ ఎప్పుడు ఆగిపోతుందో చెప్పలేం. కానీ తికమకని కూడా తీవ్ర లక్షణంగా తీసుకుని ఒకసారి ఇచ్చే డాక్టర్లు ఉన్నారు. మా యూనిట్‌లోనే ఇద్దరు కన్సల్టెంట్లది రెండు పద్ధతులు.

లీడ్స్_రాణి

నేను ఇంగ్లండ్‌లో ఎన్‌హెచ్‌ఎస్ వార్డులో పనిచేస్తున్నాను. ఇక్కడ పొటాషియం ముందే కలిపిన బ్యాగ్‌లే వస్తాయి. 2002లో పేషెంట్ సేఫ్టీ ఏజెన్సీ హెచ్చరిక ఇచ్చాక, చిక్కటి పొటాషియం ఆంప్యూల్స్‌ని మామూలు వార్డుల నుంచి తీసేశారు. ఇంటి దగ్గర పనిచేసినప్పుడు మేమే కలిపేవాళ్లం. 15 శాతం ఆంప్యూల్, 10 మిల్లీలీటర్లలో 20 మిల్లీఈక్వివలెంట్లు. ఈ ఆర్డర్‌కి రెండు ఆంప్యూల్స్ కావాలి.

కొత్తవాళ్లకి ఒక మాట చెప్పాలనిపించింది. వేలాడుతున్న బాటిల్‌లోకి పొటాషియం ఎక్కించకండి. అది బరువుగా ఉండి కిందికి దిగిపోతుంది, మొదటి నిమిషాల్లోనే చిక్కగా గుండెకు చేరుతుంది. బాటిల్ దించి, కలిపి, చాలాసార్లు తలకిందులు చేసి, లేబుల్ అంటించి అప్పుడు పెట్టండి. సిరంజితో నేరుగా నరంలోకి పొటాషియం ఇవ్వడం అన్నది ఏ పరిస్థితిలోనూ లేదు. ఆ ఆప్షన్ కనిపిస్తే చదవకుండానే కొట్టేయొచ్చు.

సునీల్_వరంగల్

రాణి గారూ, నాలుగు గంటల్లో 40 అంటే గంటకు 10. ఇది సరైన వేగమేనా? పొటాషియం 2.6 కదా, త్వరగా ఎక్కించకూడదా?

లీడ్స్_రాణి

చేతి నరంలో మామూలుగా గంటకు 10. 20 వరకు ఇవ్వాలంటే సెంట్రల్ లైన్, మానిటర్ ఉండాలి. అది డాక్టర్ నిర్ణయం.

విజయ_ఐసీయూ

దానికి ఒకటి చేర్చుతాను. మెగ్నీషియం పంపారా అని అడగండి. విరేచనాల్లోనూ, థయజైడ్ వల్లా మెగ్నీషియం పోతుంది. అది తక్కువగా ఉంటే కిడ్నీ పొటాషియంని వదిలేస్తూనే ఉంటుంది. రోజంతా ఎక్కించినా 2.7 దగ్గరే ఆగితే అనుమానించాల్సింది దాన్నే. పొటాషియంని డెక్స్‌ట్రోజ్‌లో కలపమన్న ఆర్డర్ వస్తే ఒకసారి అడిగి నిర్ధారించుకోండి. గ్లూకోజ్‌కి ఇన్సులిన్ లేస్తుంది, అది ఉన్న పొటాషియంని కణాల్లోకి నెట్టి రక్తంలో ఇంకా తగ్గిస్తుంది.

అనూష_నార్‌సెట్

ఒకవేళ ఎవరూ గమనించలేదనుకోండి. సోడియం రాత్రికి 128 అయ్యింది. మనకి ఎలా తెలుస్తుంది? వెంటనే లక్షణాలు వస్తాయా?

విజయ_ఐసీయూ

రావు, అక్కడే మోసపోతాం. మర్నాటికి మనిషి లేచి కూర్చుంటారు, పేర్లు సరిగ్గా చెబుతారు, ఇంట్లోవాళ్లు సంతోషిస్తారు. రిపోర్ట్ కూడా నార్మల్‌కి దగ్గరగా కనిపిస్తుంది. రెండు నుంచి ఆరు రోజుల తర్వాత మాట ముద్దగా వస్తుంది, మింగుతుంటే దగ్గు వస్తుంది, చేతులు కాళ్లు పడిపోతున్నట్లుంటాయి. కొందరు మాట్లాడలేక, కదలలేక కళ్లు మాత్రమే కదిలించే స్థితికి వెళ్తారు. ఆ సమయానికి వాళ్లు ఐసీయూ నుంచి వార్డుకి మారి ఉంటారు కాబట్టి, హ్యాండోవర్‌లో "సోడియం మొదటి రోజు ఎంత పెరిగింది" అన్నది చెప్పాలి. మూడో రోజు మాట తేడాగా ఉంటే ఇడ్లీ పెట్టేముందు మింగగలరో లేదో చూసి, డాక్టర్‌ని పిలవండి. మొదట్లో ఎంఆర్‌ఐ మామూలుగానే రావచ్చు, అంతమాత్రాన జబ్బు లేదని కాదు.

రాత్రి 128 అని వెంటనే తెలిస్తే మాత్రం చేతులెత్తేయనక్కర్లేదు. లక్షణాలు రాకముందే డెక్స్‌ట్రోజ్, డెస్మోప్రెసిన్‌తో మళ్లీ కిందికి దించుతారు.

పద్మజ

మేరీ గారికి ధన్యవాదాలు. అత్తగారికి అప్పుడు రోజుకు మూడుసార్లు రక్తం తీశారు, డబ్బు కోసమేనేమో అని మావారు గొడవపడ్డారు. ఎందుకో ఇప్పుడు అర్థమైంది.

విజయ_ఐసీయూ

పద్మజ గారూ, 119 ఉన్నవాళ్లకి మొదటి రోజు నాలుగు నుంచి ఆరు గంటలకోసారి తీస్తారు. మూత్రం ఎక్కువగా వస్తుంటే రెండు గంటలకే తీయాల్సి వస్తుంది.

కిరణ్_జీఎన్‌ఎం

కీ విషయంలో నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను. కానీ మేరీ మేడమ్ చెప్పిన వాపు సంగతి తేలలేదు. వాపూ ఉండి, 900 మూత్రమూ ఉంటే పరీక్షలో ఏది పెట్టాలి?

మేరీ_ట్యూటర్

నేను బి అంటాను. కళ్ల ముందే చర్మం, కండ దెబ్బతింటున్నాయి, అది ఆగాలి.

విజయ_ఐసీయూ

నేను అప్పుడూ సి అంటాను మేడమ్. వాపు చూడగానే క్లాంప్ వేసేది నర్సే, దానికి ఫోన్ అక్కర్లేదు. క్లాంప్ వేశాక చేసే ఫోన్‌లో రెండూ చెప్పాలి, ముందు చెప్పేది మూత్రం సంగతి. పరీక్ష రాసేవాళ్లు "ముందు చేయాల్సింది" అని అడిగారా, "ముందు చెప్పాల్సింది" అని అడిగారా అని చూసుకోండి, జవాబు మారుతుంది.

మేరీ_ట్యూటర్

మీ మాటలో బలం ఉంది కానీ ఆప్షన్లు రాసేవాళ్లు అంత విడదీసి రాయరు. అనూషా, ఆ అకాడమీ వాళ్ల వివరణ దొరికితే ఇక్కడ పెట్టు. మధ్యాహ్నం సోడియం ఎంత వచ్చిందో ప్రశ్నలో ఇచ్చి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు.

అనూష_నార్‌సెట్

వివరణలో ఒక్క లైనే ఉంది మేడమ్, "హెచ్చు మూత్రం, సోడియం వేగంగా పెరిగే సూచన" అని. పొటాషియం గురించి ఏమీ లేదు. విజయ అక్క వేసిన లెక్కని 60 కిలోల మగ పేషెంట్‌కి వేసి చూస్తున్నాను. ఒంట్లో నీరు బరువులో సగం తీసుకోవాలా, 60 శాతమా?

విజయ_ఐసీయూ

వయసు చూసుకో. కుర్రవాడైతే 60 శాతం, పెద్దాయనైతే సగం. కుర్రాళ్లలో ఆడవాళ్లకి సగం, పెద్దావిడకి 45 శాతం, పైన నేను తీసుకున్నది అదే. వేసిన లెక్క ఇక్కడ పెట్టు, చూస్తాను.